రిజిస్ట్రేషన్ తెరవకముందే సెమిస్టర్ ప్లాన్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు ప్రతి సెమిస్టర్ ముందు నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాను. ఉదాహరణలు సీఎస్ఈ మూడో సంవత్సరం నుంచి తీసుకున్నాను. లెక్క వేసే పద్ధతి మాత్రం ఏ బ్రాంచికైనా ఒకటే.

మా కాలేజీలో టైమ్‌టేబుల్ వాళ్లే ఇస్తారు. ఇక నేను ప్లాన్ చేసుకోవడానికి ఏముంటుంది?

అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. స్లాట్ల పద్ధతి ఉన్న క్యాంపస్‌లలో ఏ కోర్సు, ఏ స్లాట్, ఏ ల్యాబ్ బ్యాచ్ అన్నది చాలావరకు విద్యార్థే ఎంచుకుంటారు. అఫిలియేటెడ్ కాలేజీల్లో కోర్ సబ్జెక్టులు, వాటి ల్యాబులు సెక్షన్ మొత్తానికీ ఒకేలా ఉంటాయి. అక్కడ కూడా ప్రొఫెషనల్ ఎలెక్టివ్, ఓపెన్ ఎలెక్టివ్, ఆన్‌లైన్ కోర్సు తీసుకోవాలా వద్దా, పాత బ్యాక్‌లాగ్ ఈ సెమ్‌లో రాయాలా తర్వాత రాయాలా అన్న నాలుగు నిర్ణయాలు మీ చేతిలోనే ఉంటాయి. కోర్ ఎంత బరువుగా ఉందో చూసి ఈ నాలుగింటిని సర్దుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఎలెక్టివ్ పేరు నచ్చి టిక్ పెడతారు, కోర్ సంగతి క్లాసులు మొదలయ్యాక తెలుస్తుంది.

అన్నీ 3 క్రెడిట్ల సబ్జెక్టులే కదా. ఒకటి బరువు, ఇంకొకటి తేలిక ఎలా అవుతాయి?

క్రెడిట్ మీరు క్లాసులో కూర్చునే గంటలను చెబుతుంది. ఇంటి దగ్గర, హాస్టల్‌లో మీరు పెట్టాల్సిన గంటల గురించి అది ఏమీ చెప్పదు. సిలబస్ కాపీలో ప్రతి సబ్జెక్టు పక్కన 3-0-0, 3-1-0, 0-0-3 అని మూడు అంకెలు ఉంటాయి. వారానికి లెక్చర్ గంటలు, ట్యుటోరియల్ గంటలు, ల్యాబ్ గంటలు అని వరుసగా వాటి అర్థం. లెక్చర్‌కి, ట్యుటోరియల్‌కి గంటకు ఒక క్రెడిట్, ల్యాబ్‌కి రెండు గంటలకు ఒక క్రెడిట్. అందుకే మూడు గంటల ల్యాబ్‌కి 1.5 క్రెడిట్లు వస్తాయి.

2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఒక క్రెడిట్‌కి 30 గంటల శ్రమ అని లెక్క కట్టింది. క్లాసు, ల్యాబ్, సొంత చదువు అన్నీ అందులోకే వస్తాయి. 20 క్రెడిట్ల సెమిస్టర్ అంటే 600 గంటలు. 15 వారాలకు పంచితే వారానికి 40 గంటలు. ఇది సగటు మాత్రమే. ఆటోమేటా థియరీలో ఒక్క పంపింగ్ లెమ్మా అర్థం కావడానికి రెండు సాయంత్రాలు పట్టవచ్చు. అదే మూడు క్రెడిట్లున్న ఇంకో సబ్జెక్టులో యూనిట్ మొత్తం ఒక సాయంత్రంలో చదివేయొచ్చు. కాబట్టి ప్రతి సబ్జెక్టు పక్కన క్రెడిట్లతో పాటు ఇంకో అంకె మీరే రాసుకోవాలి: వారానికి క్లాసు బయట పెట్టాల్సిన గంటలు. ఇక్కడ నేను 'బయటి గంటలు' అన్నప్పుడల్లా అదే.

ఇంకా మొదలుకాని సబ్జెక్టుకి బయటి గంటలు ఎలా తెలుస్తాయి?

మూడు చోట్ల వెతకండి. మొదటిది సిలబస్ కాపీ. ఐదు యూనిట్లలో ఎన్ని లెక్కలు వేసేవి, ఎన్ని చదివి రాసేవి అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. లెక్కలు, ప్రూఫ్‌లు, ప్రోగ్రాములు ఉన్న యూనిట్‌కి ప్రతి క్లాసు తర్వాత కూర్చుని చేయాల్సిన పని ఉంటుంది. వివరణతో నడిచే యూనిట్‌కి వారం చివర ఒకసారి చదివితే చాలు.

రెండోది పాత ప్రశ్నపత్రాలు. గత రెండు మూడేళ్లవి డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోనో, సీనియర్ల దగ్గరో దొరుకుతాయి. ఎక్కువ మార్కుల ప్రశ్నల్లో 'వివరించండి' అన్నవి ఎన్ని, 'కనుక్కోండి', 'నిరూపించండి', 'డిజైన్ చేయండి' అన్నవి ఎన్ని? రెండో రకం సగానికి మించి ఉంటే అది పరీక్ష ముందు రాత్రి చదివితే గట్టెక్కే సబ్జెక్టు కాదు.

మూడోది గత ఏడాది ఆ సబ్జెక్టు చదివిన సీనియర్.

సీనియర్లు ఒకరు ఈజీ అంటారు, ఒకరు నరకం అంటారు. ఎవరి మాట నమ్మాలి?

'ఈజీయా, కష్టమా' అని అడిగితే మార్కులు బాగా వచ్చినవాళ్లు ఈజీ అంటారు, రానివాళ్లు కష్టం అంటారు. ప్రశ్న మార్చి అడగండి. అన్నా, క్లాసు కాకుండా వారానికి ఎన్ని గంటలు పెట్టావు? అసైన్‌మెంట్లు ఎన్ని ఇచ్చారు, చేత్తో రాయాలా, టైప్ చేయాలా? ప్రాజెక్టు ఉందా, ఉంటే ఏ వారంలో సబ్మిట్ చేశారు? ఏ వారంలో నిద్ర తక్కువైంది? ఇలా అడిగితే చేసిన పని గుర్తు తెచ్చుకుని చెబుతారు.

కనీసం ఇద్దరిని అడగండి. వాళ్లలో ఒకరు మీలాగే రోజూ ఊరి నుంచి వచ్చేవారో, మీలాగే హాస్టల్‌లో ఉన్నవారో అయితే మంచిది. ఇద్దరి అంకెలూ బాగా తేడాగా ఉంటే పెద్ద అంకెనే రాసుకోండి. ఇంకొక్కటి చూసుకోవాలి: గత ఏడాది చెప్పిన లెక్చరరే ఈసారీ చెబుతున్నారా? లెక్చరర్ మారితే అసైన్‌మెంట్ల లెక్క మారిపోతుంది. సిలబస్ మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి ఆ భాగం వరకు సీనియర్ మాట పనికొస్తుంది.

ల్యాబ్ అంటే 1.5 క్రెడిట్లే కదా. మూడు ల్యాబులు పెట్టుకున్నా తేలికే కదా?

నేను ఎక్కువగా ఆపేది ఇక్కడే. క్రెడిట్ల పరంగా ల్యాబ్ చిన్నది, గంటల పరంగా పెద్దది. మూడు గంటలు కూర్చుంటే 1.5 క్రెడిట్లు వస్తాయి, అదే మూడు గంటల థియరీకి 3 వస్తాయి. పైగా ల్యాబ్ పని ల్యాబ్‌లో అయిపోదు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో బ్యాంకర్స్ అల్గారిథమ్ వచ్చే వారాన్ని చూడండి. ల్యాబ్‌కి వెళ్లేముందు అబ్జర్వేషన్ బుక్‌లో ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రామ్ రాసుకోవాలి. అవి లేకపోతే చాలాచోట్ల సిస్టమ్ దగ్గర కూర్చోనివ్వరు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ చేయాలి, సేఫ్ సీక్వెన్స్ సరిగ్గా వచ్చిందో చేత్తో వేసిన టేబుల్‌తో సరిచూసుకోవాలి, అవుట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకోవాలి. తర్వాత అదంతా రికార్డులో మళ్లీ శుభ్రంగా రాయాలి. వచ్చే ల్యాబ్‌లో రికార్డు చూపిస్తేనే దాని మీద సంతకం. మామూలు వారంలో దీనికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ప్రోగ్రామ్ మొండికేసిన వారంలో మూడు.

అలాంటి ల్యాబులు మూడు ఉంటే రికార్డులకే వారానికి ఐదారు గంటలు పోతాయి. ఒక్క వారం వాయిదా వేస్తే తర్వాతి వారం రెండింతలు రాయాలి. సెమ్ చివర రాత్రంతా కూర్చుని పన్నెండు ప్రయోగాల రికార్డు కాపీ కొట్టేవాళ్లలో చాలామంది బద్ధకస్తులు కారు. ఎలెక్టివ్ కింద ఇంకో ల్యాబ్ కోర్సు తీసుకుని, ఈ గంటలు లెక్కలో వేసుకోనివాళ్లు.

నా సలహా: కోర్‌తో పాటు రెండు ల్యాబులు తప్పనిసరిగా ఉన్న సెమ్‌లో ఎలెక్టివ్‌గా మూడో ల్యాబ్‌నీ, ప్రాజెక్టు ఉన్న సబ్జెక్టునీ రెండూ తీసుకోకండి. ఏదో ఒక్కటి చాలు.

ఒక ఉదాహరణతో మొత్తం లెక్క చూపిస్తారా?

చూద్దాం. జనగామ నుంచి రోజూ రైల్లో కాజీపేట వచ్చి, అక్కడి నుంచి హనుమకొండలోని అటానమస్ కాలేజీకి వెళ్లే సీఎస్ఈ అమ్మాయి అనుకోండి. ఐదో సెమిస్టర్. ఇంటి నుంచి కాలేజీకి రానూపోనూ మూడు గంటలు. వారంలో ఆరు రోజులు కాలేజీ.

కోర్‌లో ఐదు ఉన్నాయి, అవి మార్చడానికి లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి 3 క్రెడిట్లు, బయటి గంటలు 4. ఆటోమేటా థియరీకి ట్యుటోరియల్‌తో కలిపి 4 క్రెడిట్లు, బయటి గంటలు 5. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌కి 3 క్రెడిట్లు, బయటి గంటలు 3. ఓఎస్ ల్యాబ్‌కి 1.5 క్రెడిట్లు, బయట 2 గంటలు. నెట్‌వర్క్స్ ల్యాబ్‌కి 1.5 క్రెడిట్లు, బయట గంటన్నర. మొత్తం 13 క్రెడిట్లు, కాలేజీలో 16 గంటలు, బయట 15.5 గంటలు.

ఎంచుకోవాల్సినవి మూడు: 3 క్రెడిట్ల ప్రొఫెషనల్ ఎలెక్టివ్, 3 క్రెడిట్ల ఓపెన్ ఎలెక్టివ్, వారానికి రెండు గంటల ప్రాక్టికల్‌తో ఒక క్రెడిట్ స్కిల్ కోర్సు. మూడూ తీసుకుంటే 20 క్రెడిట్లు, కాలేజీలో 24 గంటలు.

ఆమె మొదట రాసుకున్న జాబితాలో అడ్వాన్స్‌డ్ అల్గారిథమ్స్, ఆపరేషన్స్ రీసెర్చ్, స్కిల్ కోర్సు ఉన్నాయి. గేట్ రాయాలని ఉంది కాబట్టి అల్గారిథమ్స్, మార్కులు పడతాయని ఎవరో చెప్పారు కాబట్టి ఆపరేషన్స్ రీసెర్చ్. బయటి గంటలు వరుసగా 6, 4, 1. కోర్‌తో కలిపితే 26.5. కాలేజీ గంటలు కూడా కలిపితే వారానికి 50.5, ప్రయాణానికి మరో 18.

ఇప్పుడు రైలు లెక్క. రైల్లో చదవడం కుదురుతుంది, లెక్కలు వేయడం కుదరదు. నెట్‌వర్క్స్ చదవడానికి 3 గంటలు, ఓఎస్ థియరీలో గంటన్నర రైల్లో అయిపోతాయనుకుందాం. అంటే 4.5 గంటలు. ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చుని చేయాల్సింది 22 గంటలు. ఇంటికి చేరి తిని కూర్చునేసరికి ఆమెకు రోజూ సాయంత్రం రెండు గంటలు మిగులుతాయి, ఆదివారం ఆరు గంటలు. ఆరు రోజులకు 12, ఆదివారంతో 18. చేతిలో 18 గంటలుంటే పని 22 గంటలు. ప్రతి వారం నాలుగు గంటలు అప్పు పడుతుంది. మొదటి మిడ్ వచ్చేసరికి అది ముప్పై గంటల దాకా పేరుకుంటుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆటోమేటా, అల్గారిథమ్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ మూడూ కాగితం మీద సమస్యలు సాధించే సబ్జెక్టులే. సాయంత్రం అలసిపోయి వచ్చి మూడింటిలో ఏది తీసినా తల బద్దలు కొట్టుకోవాల్సిందే. చదివి పక్కన పెట్టగలిగే సబ్జెక్టు ఎలెక్టివ్‌లలో ఒక్కటీ లేదు.

రెండో ప్రయత్నంలో ఆపరేషన్స్ రీసెర్చ్ స్థానంలో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పెట్టింది. బయట గంటన్నర చాలు, అదంతా చదివే పనే కాబట్టి రైల్లో అయిపోతుంది. బయటి గంటలు మొత్తం 24, రైల్లో 6, ఇంట్లో 18. చేతిలో ఉన్నవి కూడా 18. సరిపోయింది అనిపిస్తుంది కానీ ఒక్క జ్వరం వచ్చినా, ఒక్క పెళ్లికి వెళ్లినా తప్పిపోయే లెక్క ఇది.

అప్పుడు స్కిల్ కోర్సు వంక చూశాం. వాళ్ల రెగ్యులేషన్స్ ప్రకారం దాన్ని ఆరో సెమ్‌లో కూడా తీసుకోవచ్చు. అడ్వాన్స్‌డ్ అల్గారిథమ్స్ మాత్రం ఆరో సెమ్ ఎలెక్టివ్‌ల జాబితాలో లేదు. అందుకని అల్గారిథమ్స్ ఉంచి స్కిల్ కోర్సుని జరిపింది. ఇప్పుడు 19 క్రెడిట్లు, కాలేజీలో 22 గంటలు, ఇంట్లో 17. ఖాళీ అయిన రెండు కాలేజీ గంటల్లో లైబ్రరీలో కూర్చుని ఓఎస్ రికార్డు రాస్తుంది. దాంతో ఇంటి పని 15 గంటలకు దిగింది, వారానికి మూడు గంటలు మిగిలాయి. ఆ మూడు గంటలే మిడ్ వారంలో ఆదుకుంటాయి.

అల్గారిథమ్స్ ఆరో సెమ్‌లో కూడా దొరికేదైతే నేను ఇంకోలా చెప్పేవాణ్ని. ఇప్పుడు డేటా మైనింగ్ తీసుకుని దాన్ని అప్పటికి జరపమనేవాణ్ని. అందుకే వచ్చే సెమ్ జాబితా చూడకుండా ఈ సెమ్ జాబితా ఖరారు చేయొద్దు.

నేను హాస్టల్‌లో ఉంటాను. నాకు కూడా ఇవే అంకెలా?

ప్రయాణం ఉండదు కాబట్టి సాయంత్రం మూడు గంటలు దొరకవచ్చు. రాసుకునేటప్పుడు మాత్రం గత సెమ్‌లో మీరు నిజంగా ఎన్ని గంటలు కూర్చున్నారో అది రాయండి, కూర్చోవాలనుకుంటున్నది కాదు. మెస్, క్రికెట్, రూమ్‌లో మాటలు అన్నీ పోగా మిగిలేదే మీ గంటలు.

ల్యాబ్ బ్యాచ్ ఎంచుకునే వీలుంటే ఏ రోజు మంచిది?

వారం మధ్యలోది, రెండు ల్యాబుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండేది. సోమవారం ఒకటి, మంగళవారం ఇంకొకటి పడితే ఆదివారం మొత్తం రెండు అబ్జర్వేషన్లు రాయడానికే పోతుంది. మంగళవారం, శుక్రవారం అయితే ఊపిరి ఆడుతుంది.

శనివారం ల్యాబ్ వీలైతే వద్దు. అటెండెన్స్ లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. సెమిస్టర్‌లో ఒక ల్యాబ్‌కి 14 సెషన్లు అనుకుంటే 75 శాతానికి 11 రావాలి. అంటే మానేయగలిగేది మూడే. పండగకు ఊరికి పోయేవాళ్లు శనివారమే బ్యాగు సర్దుతారు. మొదటి సెమ్‌లో బతుకమ్మ, దసరా చుట్టూ ఒకటో రెండో అలాగే పోతాయి, ఆ తర్వాత ఒక్కసారి ఒంట్లో బాగోకపోయినా గీత అంచుకు వచ్చినట్టే. థియరీలో ఒక రోజు మానేస్తే ఒక పీరియడ్ పోతుంది, ల్యాబ్‌లో ఒక్క రోజుకే మూడు పీరియడ్లు పోతాయి.

రెండో సెమ్‌లో మన వైపు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర బుధవారం మొదలై శనివారం ముగుస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఆ వారం హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి దారి పొడవునా జాతర బస్సులే. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి రోజూ వచ్చేవాళ్లు జాతర ఉన్న ఏడాది ఆ నాలుగు రోజుల్లో పడే ల్యాబ్‌ని పోయినట్టే లెక్కవేసుకుని, మిగతా సెషన్లు ఒక్కటీ వదలకుండా చూసుకోవాలి.

ల్యాబ్ అయిపోయే వేళ కూడా చూసుకోండి. మధ్యాహ్నం ల్యాబ్ నాలుగున్నరకు అయిపోతుందని టైమ్‌టేబుల్‌లో ఉంటుంది, సంతకాలు అయ్యేసరికి ఐదు దాటుతుంది. మీ రైలు ఐదింటికే అయితే ఉదయం బ్యాచ్ అడగండి.

గంటలు సరిపోయాయి. అయినా కొన్ని వారాల్లో అన్నీ ఒకేసారి మీదపడతాయి. దానికేం చేయాలి?

వారాల పట్టీ ఒకటి గీయండి. కాగితం మీద 1 నుంచి 16 వరకు గళ్లు. అకడమిక్ క్యాలెండర్‌లో రెండు మిడ్ల తేదీలు ఉంటాయి, అవి నింపండి. ప్రతి సబ్జెక్టుకీ సీనియర్లు చెప్పిన సబ్మిషన్ వారాల్లో ఒక గుర్తు పెట్టండి. ల్యాబ్ ఇంటర్నల్, రికార్డు ఫైనల్ సంతకం, వైవా చాలాచోట్ల చివరి రెండు మూడు వారాల్లోనే పడతాయి. ప్రాజెక్టు ఉన్న ఎలెక్టివ్ సబ్మిషన్ కూడా సాధారణంగా అక్కడే. అందుకే రెండు ల్యాబులున్న సెమ్‌లో ప్రాజెక్టు ఉన్న ఎలెక్టివ్ గంటల లెక్కలో తేలికగా కనిపించినా 13, 14 వారాల్లో బరువవుతుంది.

ఒక గడిలో నాలుగు గుర్తులు పడితే ఆ జాబితా ఇంకోసారి చూసుకోవాలి. మూడు వరకు పర్వాలేదు. ప్రాజెక్టు తేదీ సబ్జెక్టు సర్ చేతిలో ఉంటుంది కాబట్టి, మొదటి వారంలోనే వెళ్లి 'సర్, 11వ వారానికే ఇచ్చేయొచ్చా' అని అడిగితే చాలామంది కాదనరు. 13వ వారంలో వెళ్లి ఇంకో వారం గడువు అడిగితే మాత్రం దొరకడం కష్టం.

సున్నా క్రెడిట్ల కోర్సులను లెక్కలో వేయాలా?

వేయాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కాన్‌స్టిట్యూషన్ లాంటి మ్యాండేటరీ కోర్సులకు చాలాచోట్ల క్రెడిట్లు ఉండవు. కానీ క్లాసులు ఉంటాయి, అటెండెన్స్ ఉంటుంది, పాస్ కాకపోతే డిగ్రీ ఆగుతుంది. కాలేజీ గంటలు, బయట ఒక గంట రాసుకోండి.

ఫ్రెండ్స్ అందరూ ఒకే ఓపెన్ ఎలెక్టివ్ తీసుకుంటున్నారు. నేనూ అదే తీసుకోవచ్చా?

మీ లెక్కలో ఇమిడితే తీసుకోండి, నోట్స్ పంచుకోవచ్చు. ఇమడకపోతే వద్దు. ఓపెన్ ఎలెక్టివ్‌ని వేరే డిపార్ట్‌మెంట్ చెబుతుంది కాబట్టి ఒకటి ముందే చూసుకోండి: వాళ్లు మీకు ఏం వచ్చనుకుని పాఠం మొదలుపెడతారు? మెకానికల్ వాళ్లు చెప్పే సబ్జెక్టులో మొదటి యూనిట్‌కే థర్మోడైనమిక్స్ కావాలంటే, సీఎస్ఈ విద్యార్థికి బయటి గంటలు మొదటి నెలలోనే రెట్టింపు అవుతాయి. సిలబస్ కాపీలో ప్రీరిక్విజిట్ అని రాసి ఉంటుంది. ఖాళీగా వదిలేసి ఉంటే మొదటి యూనిట్ చదివి చూడండి, పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఎలెక్టివ్‌కి బదులు ఎన్‌పీటీఈఎల్ కోర్సు చేస్తే టైమ్ మిగులుతుందా?

క్లాసు గంటలు మిగులుతాయి, ప్రయాణం చేసేవాళ్లకు అది పెద్ద లాభమే. కానీ పని వారం వారం గడువుతో వస్తుంది. 12 వారాల కోర్సులో ప్రతి వారం అసైన్‌మెంట్ ఉంటుంది. వాటిలో బాగా వచ్చిన 8 తీసుకుని 25 శాతం వెయిటేజీ ఇస్తారు, సెంటర్‌కి వెళ్లి రాసే చివరి పరీక్షకు 75 శాతం. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా రావాలి.

ఇక్కడ పిల్లలు దెబ్బతినేది రెండు విషయాల్లో. మొదటిది తేదీలు. అక్కడ ఎన్‌రోల్‌మెంట్, పరీక్ష రిజిస్ట్రేషన్ రెండింటికీ వేరువేరు గడువులు ఉంటాయి, మన కాలేజీ క్యాలెండర్‌తో వాటికి సంబంధం లేదు. కాలేజీ రిజిస్ట్రేషన్ తెరిచాక చూద్దాంలే అనుకుంటే అక్కడ తలుపు మూసుకుపోవచ్చు. రెండోది అనుమతి. ఏ కోర్సుని ఏ ఎలెక్టివ్‌కి బదులుగా లెక్కిస్తారో డిపార్ట్‌మెంట్ ముందే చెప్పాలి. అది నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. లేకపోతే సర్టిఫికెట్ వచ్చినా క్రెడిట్లు రాకపోవచ్చు.

బయటి గంటలు రాసేటప్పుడు వీడియోల సమయం కూడా కలపండి. మూడు క్రెడిట్ల కోర్సుకి వీడియోలు, అసైన్‌మెంట్ కలిపి వారానికి నాలుగైదు గంటలు పెట్టుకోవడం మంచిది.

ఒక బ్యాక్‌లాగ్ ఉంది. అది కూడా ఈ సెమ్‌లోనే రాస్తాను. లెక్క మారుతుందా?

మారుతుంది. బ్యాక్‌లాగ్‌కి క్లాసులు లేకపోవచ్చు, బయటి గంటలు తప్పకుండా ఉంటాయి. లెక్కల సబ్జెక్టు అయితే వారానికి మూడు, చదివే సబ్జెక్టు అయితే రెండు రాసుకోండి. దానికి తగ్గట్టు ఎలెక్టివ్‌లలో ఒకటి తేలికది ఉండాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఈ సెమ్‌లోని ఏ సబ్జెక్టుకైనా ఆ బ్యాక్‌లాగ్ పునాదా అని. డేటా స్ట్రక్చర్స్ మిగిలిపోయి ఉండగా అడ్వాన్స్‌డ్ అల్గారిథమ్స్ తీసుకోవడం మంచిది కాదు. అలాగే మీ రెగ్యులేషన్స్‌లో పై సంవత్సరానికి ప్రమోట్ కావడానికి ఎన్ని క్రెడిట్లు ఉండాలో చదవండి. ఆ గీతకు దగ్గరగా ఉంటే ఈ సెమ్‌లో బరువైన ఎలెక్టివ్ ఆలోచన పక్కన పెట్టి బ్యాక్‌లాగ్ తీర్చండి.

బరువైనవన్నీ ఇప్పుడే అయిపోగొడితే ప్లేస్‌మెంట్ల టైమ్‌కి ఖాళీగా ఉండొచ్చు కదా?

ఆలోచన తప్పు కాదు, హద్దు తెలియాలి. సమస్యలు సాధించే సబ్జెక్టులు ఒక సెమ్‌లో రెండు ఉంటే చాలామంది నెట్టుకొస్తారు. మూడోది వస్తే మిడ్‌లో ఏదో ఒకటి వదిలేస్తారు, ఆ వదిలేసిందే సప్లీగా తిరిగి వస్తుంది. అప్పుడు ప్లేస్‌మెంట్ సెమ్‌లో ఖాళీకి బదులు బ్యాక్‌లాగ్ ఉంటుంది. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను రాత పరీక్షకే రానివ్వని కంపెనీలున్నాయి. ఏడో సెమ్‌లో ప్రాజెక్టు, ఇంటర్వ్యూలు ఉంటాయి కాబట్టి ఐదు, ఆరు సెమ్‌లలో రెండేసి బరువైనవి పంచుకోండి.

అన్నీ తేలికవే తీసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. తేలిక సబ్జెక్టులు నాలుగు కలిస్తే అసైన్‌మెంట్లు, సెమినార్లు, పీపీటీలు పోగుపడి వారం ముక్కలైపోతుంది. పైగా ఇంటర్వ్యూలో 'ఏ ఎలెక్టివ్‌లు చదివావు' అన్న ప్రశ్నకు ఐదు నిమిషాలు మాట్లాడగలిగే సబ్జెక్టు ఒక్కటైనా ఉండాలి.

అనుకున్న ఎలెక్టివ్ నిండిపోతే? లేదా తగినంత మంది చేరక రద్దయితే?

ప్రతి ఎలెక్టివ్‌కీ ఒక ప్రత్యామ్నాయం ముందే రాసిపెట్టుకోండి. అది మూడు విషయాల్లో సరిపోవాలి: అదే స్లాట్‌లో పట్టాలి, బయటి గంటలు మొదటిదాని కంటే ఎక్కువ కాకూడదు, పని స్వభావం దగ్గరగా ఉండాలి. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ నిండిపోయిందని కంగారులో ఆపరేషన్స్ రీసెర్చ్ నొక్కితే పైన వేసిన లెక్కంతా వృథా. కనీస సంఖ్య లేక రద్దయ్యే ముప్పు కొత్త, కష్టమైన ఎలెక్టివ్‌లకే ఎక్కువ. అలాంటిది మీకు నిజంగా కావాలంటే రిజిస్ట్రేషన్‌కి రెండు వారాల ముందే ఆసక్తి ఉన్నవాళ్లను పోగేసి హెచ్‌ఓడీ సర్‌ని కలవండి. అడిగేవాళ్లు ఎంతమందో ముందే తెలిస్తే సెక్షన్ తెరవడం వాళ్లకూ తేలిక.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇప్పటి సెమ్ రెండో మిడ్ అయిపోయిన వారం. అప్పటికి సీనియర్లు ఇంకా క్యాంపస్‌లో ఉంటారు, వాళ్ల రికార్డులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఎండ్ సెమ్ పరీక్షలు అయ్యాక అందరూ ఊళ్లకు పోతారు, ఫోన్‌లో అడిగితే 'బాగానే ఉంటుంది తమ్ముడూ' అన్న మాటే వస్తుంది. సిలబస్ చూడటం, సీనియర్లను కలవడం, అంకెలు వేయడం అన్నీ కలిపి రెండు మూడు సాయంత్రాల పని. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఫ్యాకల్టీ అడ్వైజర్ దగ్గరికి వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లి 'సర్, ఏం తీసుకోమంటారు' అంటే ఆయన ఏం చెప్పగలరు? కాగితం ఉంటే ఏ అంకె తప్పో వేలుపెట్టి చూపిస్తారు.

క్లాసులు మొదలయ్యాక లెక్క తప్పిందని ఎలా తెలుస్తుంది?

మొదటి రెండు వారాలు ప్రతి సబ్జెక్టుకీ నిజంగా పెట్టిన గంటలు రాసుకోండి. అవి మామూలుగా తేలిక వారాలు. ఆ వారాల్లోనే ఒక ఎలెక్టివ్ మీరు వేసిన అంకెకు గంటన్నర, రెండు గంటలు మించి తీసుకుంటుంటే అది ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంకో గుర్తు, ల్యాబ్ రికార్డు. మూడో ల్యాబ్‌కి వెళ్లేసరికి మొదటి ప్రయోగం మీద సంతకం లేకపోతే మీ వారంలో చోటు లేదన్నమాట. చాలా కాలేజీల్లో ఎలెక్టివ్ మార్చుకోవడానికి, వదులుకోవడానికి మొదట్లో కొద్ది రోజుల గడువు ఇస్తారు. ఆ తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో చూసి వారాల పట్టీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి. మార్చుకోవాలంటే ఆ తేదీకి రెండు రోజుల ముందే ఆఫీసులో ఫారం ఇవ్వండి, అడ్వైజర్ సంతకానికే ఒక రోజు పడుతుంది.